నుదురు ఎవరిది?

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ నుంచి 2022లో ‘ఫేస్‌ఆఫ్’ అనే పరిశోధన పత్రం వెలువడింది. ఆదిత్య అగర్వాల్, బిపాషా సేన్, రుద్రభ ముఖోపాధ్యాయ్, వినయ్ నంబూదిరి, సి.వి. జవహర్ దాన్ని రాశారు. సినిమాలో ప్రమాదకరమైన సన్నివేశం డూప్ చేత చేయించి, తర్వాత డూప్ ముఖం స్థానంలో నటుడి ముఖం పెట్టే పనిని కంప్యూటర్ చేత చేయించడం ఎలా అన్నది దాని విషయం. అంతకుముందు వచ్చిన పద్ధతుల్లో చాలావాటికి నటుడి పోలిక మాత్రమే అందేది, హావభావాలు డూప్‌వే ఉండిపోయేవి. ఈ బృందం పనిని మరోలా పంచింది. పోలికా, హావభావమూ నటుడి వీడియో నుంచి రావాలి. తల తిరిగిన తీరూ, వెనకున్న దృశ్యమూ డూప్ వీడియో నుంచి రావాలి.

ఈ పంపకంలో కళ్ళు, ముక్కు, పెదాలు ఎవరివో వెంటనే తేలిపోతుంది. చొక్కా, బైకు, వెనకున్న రోడ్డు ఎవరివో కూడా తేలుతుంది. మధ్యలో ఒక చోటు మాత్రం రెండు వైపులకూ చెందుతుంది. అది నుదురు. చర్మంగా చూస్తే ముఖంలో భాగమే కాబట్టి నటుడి వైపు రావాలి. కానీ దాని పై అంచున డూప్ జుట్టు మొదలవుతుంది, దాని మీద డూప్ ముంగురులు పడుతుంటాయి. ఇద్దరి తలకట్టూ ఒకేలా ఉంటే ఎవరి నుదురు వాడినా పెద్ద తేడా కనబడదు. ఒకరు ముంగురులు వదిలి, మరొకరు వెనక్కి దువ్వుకుని ఉంటే షాట్ మొత్తం ఆ నాలుగు వేళ్ళ మేర చర్మం దగ్గరే చెడిపోతుంది.

అదే ప్రయోగశాల నుంచి 2020లో వచ్చిన ‘వావ్2లిప్’కు ఈ తలనొప్పి లేదు. మాటకు తగ్గట్టు పెదాలు కదిలించడమే దాని పని. అందుకని అది ముఖంలో కింది సగాన్ని మాత్రమే కప్పేసి మళ్ళీ గీస్తుంది, నుదుటి జోలికి పోదు. ముఖం మొత్తం మార్చేవారికి ఆ వెసులుబాటు ఉండదు. నుదురు ఎవరిదో వాళ్ళు ముందే తేల్చుకోవాలి.

కనుబొమల దగ్గర ఆగిపోయిన చుక్కలు

కంప్యూటర్ ముఖాన్ని గుర్తించడానికి చాలా ఏళ్ళుగా వాడుకలో ఉన్న పద్ధతి, ముఖం మీద 68 చుక్కలు పెట్టడం. దవడ అంచు వెంట 17, కనుబొమలకు 10, ముక్కుకు 9, కళ్ళకు 12, నోటికి 20. నుదుటికి ఒక్కటి కూడా లేదు. దానికి కారణం ఉంది. కంటి కొస, పెదవి మూల ఎవరి ముఖంలోనైనా గుర్తుపట్టగలిగే బిందువులు. నుదుటి మీద అలాంటి స్థిరమైన బిందువు లేదు. జుట్టు మొదలయ్యే అంచు మనిషికో రకంగా ఉంటుంది, ఒకే మనిషిలో వయసుతో వెనక్కి జరుగుతుంది, దువ్వే తీరు మారితే కనబడకుండానే పోతుంది.

ఈ చుక్కలన్నిటినీ చుట్టి ఒక గీత గీస్తే వచ్చే ఆకారమే మార్పిడికి మొదటి మాస్క్. అది గడ్డం నుంచి కనుబొమల దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. అంటే ఎవరూ నిర్ణయం తీసుకోకపోయినా ఈ పద్ధతి తనంతట తానే నుదుటిని డూప్‌కు ఇచ్చేస్తుంది. తర్వాత వచ్చిన 468 బిందువుల వల నుదుటి మీదికి కూడా పాకుతుంది. అయితే అది సగటు ముఖం ఆకారాన్ని పరిచే వల. అసలు జుట్టు అంచు ఎక్కడుందో అది వెతకదు. నుదుటిని కూడా మార్చదలిస్తే, ఎక్కడ చర్మం, ఎక్కడ జుట్టు అన్నది పిక్సెల్ పిక్సెల్‌కీ విడిగా తేల్చే మరో మాస్క్ కావాలి.

ముంగురులు డూప్‌వి అయితే

ఒక షాట్ ఊహించుకుందాం. దుర్గం చెరువు తీగల వంతెన మీద నటి బైకు నడుపుతున్నట్టు కనబడాలి. నడిపింది డూప్. హెల్మెట్ లేదు, ఎదురుగాలి ఉంది. డూప్ ముంగురులు కనుబొమల దాకా పడి ఎగురుతున్నాయి. నటి మాత్రం జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకుంది, నుదురంతా తెరిచి ఉంది. షాట్ నాలుగు సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మొత్తం 96 ఫ్రేములు.

68 చుక్కల మాస్క్‌తో నేరుగా మార్పిడి చేస్తే మొదట కనబడేది కత్తెర వేసినట్టున్న ముంగురులు. కనుబొమల పైన డూప్ జుట్టు అలాగే ఉంటుంది. కనుబొమల కిందికి వేలాడిన కొసలు మాత్రం మాయమవుతాయి, ఎందుకంటే అక్కడ నటి చర్మం వచ్చి కూర్చుంది. గాలికి కుచ్చు పైకి లేచినప్పుడు బాగానే ఉంటుంది, కిందికి వాలగానే సరళరేఖలో తెగిపోతుంది. ఫ్రేము తర్వాత ఫ్రేము చూస్తే ఆ తెగిన చోటు ఎప్పుడూ కనుబొమ గీత దగ్గరే ఉంటుంది.

దీనికి జవాబు, జుట్టును ముఖానికి అడ్డం వచ్చిన వస్తువుగా లెక్కించడం. ముందు నటి ముఖం పెట్టి, దాని మీద డూప్ ముంగురులను మళ్ళీ వేయాలి. ముఖ చిత్రాల్లో చర్మం, జుట్టు, కనుబొమ, టోపీ వంటి భాగాలను విడదీసే నెట్‌వర్కులు ఇందుకు పనికొస్తాయి. వాటికి శిక్షణ ఇచ్చే ‘సెలెబ్ఎమాస్క్’ సంకలనంలో 30,000 ముఖాల మీద 19 రకాల భాగాలను మనుషులే గుర్తించి పెట్టారు. అలాంటి నెట్‌వర్కు ముంగురుల కుచ్చును బాగానే పట్టుకుంటుంది. విడివిడి వెంట్రుకల దగ్గర తడబడుతుంది. అందుకు కారణం లెక్క వేస్తే తెలుస్తుంది.

మన షాట్‌లో ముఖం వెడల్పు 240 పిక్సెళ్ళు అనుకుందాం. అసలు ముఖం సుమారు 14 సెంటీమీటర్లు. మిల్లీమీటరుకు దాదాపు 1.7 పిక్సెళ్ళు వస్తాయి. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు, అంటే ఒక పిక్సెల్‌లో ఎనిమిదో వంతు. ఒంటరి వెంట్రుక ఉన్న పిక్సెల్ జుట్టూ కాదు, చర్మమూ కాదు. రెండిటి కలయిక. ఆ కలయికకు సూత్రం ఇది:

```
C = αF + (1 − α)B
```

ఇక్కడ F ముందున్న వెంట్రుక రంగు, B వెనకున్న చర్మం రంగు, α ఆ పిక్సెల్‌లో వెంట్రుక ఆక్రమించిన వాటా, C మనకు కనబడే రంగు. వెంట్రుక వెలుగు 30, డూప్ చర్మం వెలుగు 180, వాటా 0.12 అనుకుంటే కనబడేది 162. ఇప్పుడు నటి చర్మం కొంచెం తేట, వెలుగు 200 అనుకుందాం. ఆ వెంట్రుక నటి నుదుటి మీద పడితే అక్కడ కనబడవలసినది దాదాపు 180.

అవును, కాదు అని రెండే జవాబులిచ్చే మాస్క్ ఇక్కడ ఎటు చెప్పినా తప్పే. ‘జుట్టు కాదు’ అంటే వెంట్రుక మాయమై ఆ చోట 200 మిగులుతుంది. ‘జుట్టే’ అంటే 162 అలాగే వచ్చేస్తుంది. అందులో 88 శాతం డూప్ చర్మమే. ఒక్క వెంట్రుక దగ్గర ఆ తేడా తెలియదు. వందల వెంట్రుకల అంచు వెంట అదే జరిగితే ముంగురుల చుట్టూ మసక పట్టీ ఏర్పడుతుంది. పరాయి చర్మాన్ని జుట్టు తనతో మోసుకొచ్చిందన్నమాట. అందుకే అనుభవమున్న కంపోజిటర్ మాస్క్‌ను మెత్తబరిచి వదిలేయడు. పిక్సెల్ పిక్సెల్‌కూ α విలువ లెక్కగట్టి, F ను విడిగా వెలికితీసి, దాన్ని కొత్త చర్మం మీద మళ్ళీ కలుపుతాడు. దీన్ని మ్యాటింగ్ అంటారు. మాస్క్‌ను మెత్తబరచడం వల్ల పట్టీ వెడల్పవుతుంది తప్ప పోదు.

అడ్డం వచ్చినదాన్ని పట్టుకోవడానికి ‘ఫేస్‌షిఫ్టర్’ అనే పద్ధతిలో ఒక చక్కని ఎత్తు ఉంది. మార్పిడి నెట్‌వర్కుకు డూప్ ముఖం స్థానంలో మళ్ళీ డూప్ ముఖాన్నే పెట్టమని చెబుతారు. పని సరిగా జరిగితే బొమ్మలో ఏ మార్పూ ఉండకూడదు. నిజానికి కొన్ని చోట్ల మార్పు వస్తుంది. ముంగురులు చెరిగిపోతాయి, కళ్ళద్దాల అంచు కరిగిపోతుంది. ఆ తేడాయే ఈ నెట్‌వర్కు ఏయే చోట్ల పోగొడుతుందో చూపించే పటం. ఆ పటాన్ని రెండో నెట్‌వర్కుకు ఇచ్చి, పోయినవాటిని తిరిగి తెమ్మంటారు. జుట్టంటే ఏమిటో ఎవరూ గుర్తులు పెట్టి నేర్పనవసరం లేకపోవడం ఇందులోని గొప్ప. అదే దాని హద్దు కూడా. మొదటి నెట్‌వర్కు ముంగురులను సగం నిలబెట్టి సగం పోగొడితే పటం కూడా సగమే వస్తుంది.

ఇంకా ఒకటి మిగిలింది. ముంగురుల నీడ. డూప్ నుదుటి మీద ఆ నీడ ఉంది, నటి చర్మం పెట్టగానే అది పోయింది. ఇప్పుడు జుట్టు నుదుటి ముందు గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. వెంట్రుకలన్నీ సరిగ్గా ఉన్నా ఏదో అతకలేదనిపించే షాట్‌లలో చాలాసార్లు కారణం ఇదే. నీడను విడిగా గీయాలి, అది కుచ్చుతో పాటు కదలాలి.

ముంగురులు నటివి అయితే

ఇప్పుడు తిరగేద్దాం. నటికి ముంగురులున్నాయి, డూప్ నుదురు తెరిచి ఉంది. నటి ముఖాన్ని కనుబొమల దాకా కోసి తెస్తే ముంగురుల కొసలు మాత్రం వస్తాయి, మొదళ్ళు రావు. కనుబొమల మీద నల్లని గీతలు మొలుస్తాయి. అవి పైకి ఎక్కడికీ పోవు, నుదురు నున్నగా ఉంటుంది. నటి వీడియోలు చాలా చూసి నేర్చుకునే నెట్‌వర్కయితే గీతల బదులు మసక వస్తుంది. కనుబొమలు ఎప్పుడూ సగం కప్పి ఉండటంతో వాటి అసలు ఆకారం దానికి తెలియదు. అన్ని ఫ్రేముల సగటుగా ఒక బూడిదరంగు మరక వేస్తుంది.

దీనికి రెండే దారులున్నాయి. ఒకటి, నటి జుట్టు పైకి కట్టుకున్న వేరే వీడియో సంపాదించడం. రెండోది, కప్పి ఉన్న చర్మాన్ని ఊహించి నింపడం. 2019లో వచ్చిన ‘ఎఫ్ఎస్‌గ్యాన్’ ముఖాన్నీ జుట్టునూ వేర్వేరు భాగాలుగా విడదీసి, మూల చిత్రంలో కనబడని చోట్లను నింపడానికి ప్రత్యేకంగా ఒక నెట్‌వర్కును పెట్టింది. నింపిన నుదురు నమ్మదగ్గట్టే ఉండవచ్చు. కానీ అది నటి నుదురు కాదు. ఆమెకు అక్కడ ఒక మచ్చో, ఎడమ కనుబొమ పైన సన్నని ముడతో ఉంటే, ఆమెను ఎరిగిన ప్రేక్షకుడు అవి లేవని గమనిస్తాడు.

రంగు కలపడంలోనూ ఒక ఉచ్చు ఉంది. 2003లో పెరెజ్, గాంగ్నె, బ్లేక్ ప్రచురించిన పాయిసాన్ పద్ధతిని అతుకు కనబడకుండా చేయడానికి నేటికీ విరివిగా వాడతారు. అది లోపలి చిత్రంలోని హెచ్చుతగ్గులను ఉంచుకుని, అంచున ఉండే రంగును మాత్రం కింది చిత్రం నుంచి తీసుకుంటుంది. అంచు పొడవునా చర్మమే ఉంటే అద్భుతంగా పని చేస్తుంది. అదే అంచు జుట్టు మీదుగా పోతే జుట్టు నలుపు కూడా లోపలికి దిగుతుంది. నీళ్ళలో పడ్డ సిరాచుక్కలా అది కనుబొమల మీదుగా కళ్ళ దాకా పాకుతుంది. కనుబొమల పైన కారణం లేని నల్లని మబ్బు కనబడితే, మాస్క్ అంచు జుట్టును తాకిందని అర్థం. అంచును చర్మంలోకి జరపాలి. లేదా రంగు సరిపోల్చేటప్పుడు జుట్టు పిక్సెళ్ళను లెక్కలోంచి తీసేయాలి.

కనుబొమ, నుదురు ఒకే కండరం

ఇక్కడిదాకా చూస్తే నుదుటిని డూప్‌కే వదిలేయడం మేలనిపిస్తుంది. జుట్టు అంచును ముట్టుకోనక్కర్లేదు, ముంగురుల మొదళ్ళు వాటి చోటే ఉంటాయి. చాలా షాట్‌లలో ఇదే సరైన నిర్ణయం. అయితే దీనికి శరీర నిర్మాణం ఒక హద్దు పెట్టింది.

కనుబొమను పైకి లేపేది నుదుటి చర్మం కింద ఉండే ఫ్రంటాలిస్ కండరం. అది బిగిస్తే కనుబొమ లేస్తుంది, అదే క్షణంలో నుదుటి మీద అడ్డగీతలు పడతాయి. ఒకటి జరిగి రెండోది జరగకపోవడం మామూలు ముఖంలో ఉండదు. కనుబొమలు నటివి, నుదురు డూప్‌ది అయినప్పుడు ఆ ముడి తెగిపోతుంది. నటి ఆశ్చర్యంతో కనుబొమలు ఎగరేస్తుంది, పైన నుదురు రాయిలా ఉంటుంది. లేదా డూప్ ఎండకు నొసలు ముడిచింది, కింద కళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. ఫేస్‌ఆఫ్ లాంటి పద్ధతికి ఇది మరీ ముఖ్యం. నటి హావభావాన్ని కాపాడటమే దాని లక్ష్యం, ఆ హావభావంలో కొంత నుదుటి మీదే ఉంది.

ఫేస్‌ఆఫ్ శిక్షణ తీరును చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఇద్దరు మనుషుల వీడియోలు కలిపితే వచ్చే సరైన జవాబు ఎక్కడా దొరకదు. అందుకని పరిశోధకులు ఒకే మనిషి వీడియో తీసుకుని, ముఖాన్ని వేరు చేసి, దాన్ని కావాలని కొంచెం తిప్పి, జరిపి, సాగదీసి తిరిగి పెట్టారు. ఆ తప్పును సరిదిద్దమని నెట్‌వర్కుకు నేర్పారు. సరైన జవాబు అసలు వీడియోయే. ఇది తెలివైన మార్గం. కానీ ఇలా ఒకే మనిషితో ఇచ్చే ఏ శిక్షణలోనైనా ముఖమూ, జుట్టూ ఎప్పుడూ ఒకరివే. ఒకరి తలకట్టు కింద మరొకరి నుదురు అతకవలసిన సందర్భం అసలు పనిలోనే మొదటిసారి ఎదురవుతుంది. ఇద్దరి తలకట్లూ దగ్గరగా ఉన్నప్పుడు ఆ లోటు తెలియదు. అవి దూరమయ్యే కొద్దీ బయటపడుతుంది.

మన ప్రాంతంలో దీనికి తోడు బొట్టు ఉంది. బొట్టు పెట్టేది కనుబొమల మధ్యనో, కాస్త పైనో. సరిగ్గా మాస్క్ అంచు పోయే చోటు అదే. నటి బొట్టు పెట్టుకుని డూప్ పెట్టుకోకపోతే బొట్టు సగానికి తెగుతుంది. ఇద్దరూ పెట్టుకుంటే ఒకదాని పక్కన ఇంకోటి కనబడవచ్చు. పాపిటబిళ్ళ సంగతి ఇంకా కష్టం. అది పాపిట దగ్గర వేలాడుతూ తల కదిలినప్పుడల్లా నుదుటి మీద ఊగుతుంది. ముఖ భాగాలను విడదీసే నెట్‌వర్కు దాన్ని ఒక ఫ్రేములో జుట్టనీ, మరో ఫ్రేములో చర్మమనీ అనుకుంటే బిళ్ళ మినుకు మినుకుమంటుంది. అలాంటి షాట్‌లో రోటో కళాకారులు కొన్ని కీలక ఫ్రేములలో చేత్తో గీత గీసి, మధ్య ఫ్రేములకు దాన్ని అందిస్తారు. మన 96 ఫ్రేముల షాట్‌లో గాలి ఎక్కువగా ఉంటే దాదాపు ప్రతి ఫ్రేమూ కీలక ఫ్రేమే అవుతుంది.

చిత్రీకరణ నాడే తీరే పని

ఈ కష్టమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నాక మొదలవుతుంది. దాన్ని తగ్గించే పని మాత్రం సెట్‌లో, మేకప్ గదిలోనే చేయాలి. ద్విపాత్రాభినయం సినిమాల్లో డూప్ వీపు మాత్రమే చూపించే రోజుల్లో కూడా డూప్‌కు హీరో తలకట్టుకు సరిపోయే విగ్గు పెట్టేవారు, ఎందుకంటే వెనక నుంచి చూస్తే పోలికంతా జుట్టులోనే ఉంటుంది. ముఖం మార్చగలిగిన ఈ రోజుల్లో ఆ విగ్గు అవసరం ఇంకా పెరిగింది. డూప్ జుట్టు అంచు నటి జుట్టు అంచుకు సరిపోయేలా విగ్గు కట్టి, పాపిట ఒకే వైపు తీసి, బొట్టు ఒకే చోట పెడితే పైన చెప్పిన చిక్కుల్లో సగానికి పైగా పుట్టవు.

రెండో పని, నటిని అదే వెలుగులో, జుట్టు పూర్తిగా వెనక్కి బిగించి, ముఖం అన్ని వైపులకూ తిప్పించి విడిగా చిత్రీకరించుకోవడం. కథలో ఆమెకు ముంగురులున్నా సరే, ఈ వీడియోలో ఉండకూడదు. ఇందులో ఆమె కనుబొమలు, కణతలు, నుదుటి ముడతలు అన్నీ ఉంటాయి. ముంగురులు కావలసినప్పుడు పైన వేసుకోవచ్చు. కింద ఉన్న చర్మం లేనప్పుడు దాన్ని ఊహించడం తప్ప గతి లేదు.

ఈ రెండూ సిద్ధంగా ఉంటే నుదుటి నిర్ణయం షాట్‌ను బట్టి సులువుగా తీసుకోవచ్చు. ముఖం చిన్నగా ఉండి, కనుబొమలు పెద్దగా కదలని దూరపు షాట్‌లో నుదురు డూప్‌కు వదిలేయాలి. ముఖం దగ్గరగా ఉండి, హావభావం కనుబొమల దాకా వచ్చే షాట్‌లో నుదురు నటిదే కావాలి. అప్పుడు అతుకు జుట్టు అంచు దాకా పోతుంది కాబట్టి మ్యాటింగ్‌కూ, నీడలకూ సమయం కేటాయించాలి. ఒకే షాట్‌లో మధ్యలో నిర్ణయం మార్చకూడదు. నుదుటి ఎత్తు ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మారితే ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా మనిషే మారినట్టు తోస్తుంది.

చూసేవారికి దొరికే ఆనవాలు

2023 నవంబరులో నటి రష్మిక మందన్న లిఫ్ట్‌లోకి వస్తున్నట్టున్న ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది బ్రిటన్‌లో ఉండే మరో మహిళ వీడియో, దాని మీద రష్మిక ముఖం అతికించారు. ఆమె లోపలికి వచ్చే మొదటి క్షణంలో అసలు మహిళ ముఖం కనబడి, మరుక్షణం మారిపోతుంది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతానికి చెందిన యువకుణ్ణి అరెస్టు చేశారు. మొదటి క్షణంలో ఆ పొరపాటు జరగకపోయి ఉంటే చూసేవారు ఎక్కడ వెతకాలి?

ఇంతసేపు చెప్పుకున్నదాంట్లోనే జవాబుంది. మామూలు మార్పిడిలో ముఖం మధ్య భాగం ఒకరిది, జుట్టు, జుట్టు అంచు, చెవులు, చాలాసార్లు నుదురు కూడా ఇంకొకరివి. కాబట్టి కళ్ళను చూసి తేల్చుకోబోతే మోసపోతాం, అవి నిజంగా ఆ నటి కళ్ళ పోలికే. వీడియోను ఆపి, ఆమె నిజమైన ఫొటోతో జుట్టు అంచు ఆకారాన్నీ, కనుబొమల నుంచి జుట్టు దాకా ఉన్న ఎత్తునూ, చెవినీ పోల్చి చూడాలి. తర్వాత ఫ్రేము ఫ్రేముగా నడిపిస్తూ ముంగురులు కనుబొమ మీదికి వచ్చే చోటును గమనించాలి. అక్కడ వెంట్రుక తెగుతోందా, నీడ ఉందా, కనుబొమ లేచినప్పుడు నుదురు ముడత పడుతోందా అని చూడాలి. చిన్న ఫోను తెర మీద, బాగా కుదించిన వీడియోలో ఈ వివరాలు కొన్ని కరిగిపోతాయి. కాబట్టి ఏమీ దొరకనంత మాత్రాన వీడియో నిజమైనదని తేల్చకూడదు. దొరికితే మాత్రం అది బలమైన ఆధారం. ముఖం ఎవరిదైనా, తల ఎవరిదో చెప్పేది జుట్టు అంచే.